వేట నుంచి సాగు దాకా: యూఫ్రటీస్ ఒడ్డున ఉన్న ఒక ఊరి ఆధారంగా తరచుగా అడిగే ప్రశ్నలు

మనిషి వేట మాని వ్యవసాయం మొదలుపెట్టాడని బడిలో ఒక్క వాక్యంలో చదువుకుంటాం. ఆ ఒక్క వాక్యం వెనక కనీసం మూడు వేల ఏళ్ళున్నాయి. అన్ని ఏళ్ళు ఎందుకు పట్టిందో ప్రపంచం మొత్తం తిరిగి చెప్పడం కన్నా, ఒకే ఊరిని దగ్గరగా చూస్తే బాగా అర్థమవుతుంది. అందుకే ఇక్కడి జవాబుల్లో ఎక్కువ భాగం సిరియాలోని అబూ హురేరా చుట్టూనే తిరుగుతాయి.

అబూ హురేరా ఎక్కడ ఉంది? ఇదే ఊరిని ఎందుకు ఎంచుకున్నారు?

ఉత్తర సిరియాలో యూఫ్రటీస్ నది ఒడ్డున ఉండేది. ఇప్పుడు చూడటానికి లేదు, తబ్కా ఆనకట్ట వెనక నిలిచిన అసద్ జలాశయంలో మునిగిపోయింది. నీళ్ళు రాకముందు, 1972, 1973 సంవత్సరాల్లో ఆండ్రూ మూర్ నాయకత్వంలో ఒక బృందం అక్కడి దిబ్బను హడావిడిగా తవ్వింది. సమయం తక్కువున్నా వాళ్ళు చేసిన ఒక పని వల్ల ఈ ఊరికి ఇంత విలువ వచ్చింది. తవ్విన మట్టిని పారేయకుండా నీళ్ళలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలనూ పొట్టునూ బొగ్గునూ సన్నని జల్లెళ్ళతో పట్టారు. మాడిన గింజ కుళ్ళదు, పురుగు పట్టదు. ఏ పొయ్యి పక్కనో పొరపాటున మాడిన పిడికెడు గింజలు పన్నెండు వేల ఏళ్ళ తరువాత ఆ ఇంటివాళ్ళు ఏం తిన్నారో చెబుతాయి.

రెండో కారణం, అదే చోట రెండు ఊళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అడుగున ఉన్నది సుమారు 13,000 ఏళ్ళ కిందటి వేటగాళ్ళ ఊరు. పైన ఉన్నది, సుమారు 10,600 ఏళ్ళ కిందట మొదలై రెండు వేల ఏళ్ళకు పైగా నిలిచిన రైతుల ఊరు. అదే నది, అదే మైదానం, మారింది బతుకుతెరువు మాత్రమే. అంత చక్కగా పోల్చి చూసే అవకాశం చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

పొలాలు లేకుండానే ఊరు ఎలా ఏర్పడింది? వేటగాళ్ళంటే సంచారులు కదా?

అందరూ కాదు. తిండి ఏడాది పొడవునా ఒకే చోట అందుబాటులో ఉంటే, వేటగాళ్ళు కూడా స్థిరపడతారు. అబూ హురేరా మొదటి ఊరివాళ్ళు నేలలో గుంతలు తవ్వి, పైన కర్రలతోనూ రెల్లుతోనూ కప్పు వేసుకుని ఉండేవారు. నది పక్కన చేపలు, దుంపలు. గట్టు మీద అడవి గోధుమ, గోధుమను పోలిన అడవి రై ధాన్యం, చెట్లనుంచి కాయలు. గార్డన్ హిల్‌మన్ అనే వృక్షశాస్త్రవేత్త ఆ మాడిన అవశేషాల్లో వందకు పైగా మొక్కల జాతులను గుర్తించాడు. ఇవాళ మన వంటింట్లో అన్ని రకాలు దొరకవు.

మాంసం ప్రధానంగా గజెల్ జింకది. ప్రతి ఏడూ వసంతం చివర గజెల్ మందలు వలసగా అటువైపు వచ్చేవి. ఈ సంగతి ఎముకల నుంచే తెలుస్తుంది. దొరికిన ఎముకల్లో అప్పుడే పుట్టిన పిల్లలవి, సరిగ్గా ఏడాది వయసున్నవి, పెద్దవి ఉన్నాయి, మధ్య వయసులవి దాదాపు లేవు. ఏడాది పొడవునా వేటాడి ఉంటే మూడు నెలల పిల్లలు, ఆరు నెలల పిల్లలు కూడా కనిపించాలి. కాబట్టి పిల్లలు పుట్టిన కొద్ది రోజుల్లోనే, మంద మొత్తాన్ని ఒక్కసారిగా చుట్టుముట్టి చంపేవారు.

గింజల సంగతి చూద్దాం. జాక్ హార్లన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1960లలో తుర్కియేలోని కరజాదాగ్ కొండ మీద, చెకుముకి రాతి అంచు బిగించిన కొడవలితో అడవి గోధుమ కోసి చూశాడు. గంటకు దాదాపు కిలో శుభ్రమైన గింజ వచ్చింది. పంట ఒకేసారి పండదు, కొండ కింది నుంచి పైకి వెళ్ళే కొద్దీ ఆలస్యంగా పండుతుంది. ఆ లెక్కన ఒక కుటుంబం కింది నుంచి పైకి కోసుకుంటూ పోతే, మూడు వారాల్లో ఏడాదికి సరిపడే దానికన్నా ఎక్కువ గింజ పోగు చేసుకోగలదని అతను తేల్చాడు. దున్నలేదు, విత్తలేదు, కలుపు తీయలేదు. ఈ ప్రయోగం గురించి మొదటిసారి తెలుసుకున్నప్పటి నుంచి నాకు ప్రశ్నే తిరగబడిపోయింది. వాళ్ళు వ్యవసాయం ఇంత ఆలస్యంగా ఎందుకు మొదలుపెట్టారని కాదు, అసలు ఎందుకు మొదలుపెట్టారని అడగాలి.

మరి ఎందుకు మొదలుపెట్టారు?

ముందుగా, గింజల గురించి తెలియక ఆగలేదు. గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న ఒహాలో 2 అనే చోట 23,000 ఏళ్ళ కిందటే మనుషులు అడవి బార్లీ, అడవి గోధుమ ఏరి, రాతి మీద నూరుకున్నారు. విత్తనం నేలలో పడితే మొక్క వస్తుందని ఏరుకునేవాళ్ళకు తెలియకుండా ఉండదు. అయినా పది వేల ఏళ్ళకు పైగా ఎవరూ రైతులు కాలేదు.

అడ్డుపడింది వాతావరణం. మంచుయుగంలో గాలి చల్లగా, పొడిగా ఉండటమే కాదు, ఒక తరానికీ ఇంకో తరానికీ పొంతన లేకుండా మారిపోయేది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కూడా తక్కువ, అందువల్ల మొక్కల ఎదుగుదలా తక్కువే. అలాంటి కాలంలో ఒకే పంటను నమ్ముకున్నవాడు మిగలడు. సుమారు 14,500 ఏళ్ళ కిందట వేడి పెరిగింది, అడవి ధాన్యాలు విస్తరించాయి, అబూ హురేరా లాంటి ఊళ్ళు వెలిశాయి. తరువాత 12,900 ఏళ్ళ కిందట యంగర్ డ్రయాస్ అనే చలికాలం వచ్చి పన్నెండు వందల ఏళ్ళు ఉండిపోయింది. అబూ హురేరా చుట్టూ చెట్లు వెనక్కి తగ్గాయి, కాయలు పోయాయి, అడవి గోధుమ తగ్గింది.

ఈ కష్టకాలంలోనే అక్కడివాళ్ళు రై విత్తడం మొదలుపెట్టారని హిల్‌మన్ వాదించాడు. మాడిన గింజల్లో కొన్ని మామూలు అడవి రై కన్నా లావుగా ఉన్నాయి, పొలంలో మొలిచే కలుపు మొక్కల గింజలూ అప్పుడే పెరిగాయి. ఆయన వాదన చాలాకాలం పుస్తకాల్లో 'ప్రపంచంలో మొదటి రైతులు' అన్న శీర్షికతో నిలిచింది. తరువాత వచ్చిన పరిశోధకులు అదే సమాచారాన్ని మళ్ళీ చూసి, ఆ కొద్ది గింజలు అంత పెద్ద నిర్ణయానికి చాలవని, కలుపు గింజలను ఇంకోలా కూడా వివరించవచ్చని చెప్పారు. నా ఉద్దేశంలో అభ్యంతరం న్యాయమైనదే. విత్తి ఉండవచ్చు, కానీ విత్తినా అది పంటగా మారలేదు. 11,700 ఏళ్ళ కిందట చలికాలం ముగిసి, వాతావరణం వెచ్చబడి, మునుపటి కన్నా నిలకడగా మారాకే సాగు ఆనవాళ్ళు అనేక ఊళ్ళలో ఒకేసారి కనిపిస్తాయి.

అలా కనిపించే వాటిలో మొదటిది గాదె. జోర్డాన్‌లో మృతసముద్రం దగ్గర ధ్రా అనే చోట 11,300 ఏళ్ళ కిందటి గాదెలు బయటపడ్డాయి. ఎలుకలూ తేమా చేరకుండా నేలకు కొంచెం ఎత్తులో పలకల అడుగు వేసి కట్టారు. వాటిలో దాచింది అడవి గింజే. అంటే పొలం గోధుమ పుట్టడానికి వెయ్యేళ్ళ ముందే దాచుకోవడం, పంచుకోవడం, వచ్చే ఏటికి విత్తనం మిగల్చడం అలవాటయ్యాయి.

అడవి గోధుమకూ పొలం గోధుమకూ తేడా ఏమిటి?

గింజ రాలడంలో ఉంది. అడవి గోధుమ కంకి పండగానే, గింజను కాడకు పట్టి ఉంచే కీలు దానంతట అదే తెగిపోతుంది. గాలి తగిలితే చాలు, రెండు మూడు రోజుల్లో కంకి ఖాళీ. మొక్కకు అదే కావాలి, పిల్లలు నేలలో పడాలి. పొలం గోధుమలో ఆ కీలు గట్టిగా ఉంటుంది. కోసి, తెచ్చి, కొట్టి నూరిస్తే తప్ప గింజ విడవదు. మనిషి లేకుండా అలాంటి మొక్క రెండో తరం చూడదు.

రెండో తేడా మొలకెత్తడంలో. అడవి గింజలు అన్నీ ఒకే ఏడాది మొలవవు, కొన్ని నేలలోనే నిద్రపోయి మరుసటి ఏడాదో ఆ తరువాతో లేస్తాయి. కరువు ఏడాదిలో వంశం మొత్తం పోకుండా అదొక జాగ్రత్త. పొలం గింజ తడి తగలగానే లేస్తుంది. గింజ లావు కావడం వీటితో పాటు జరిగిన మూడో మార్పు.

గట్టి కీలు ఉన్న మొక్కలు అడవిలో కూడా పుడుతుంటాయి. జన్యువులో చిన్న మార్పు చాలు. కానీ లక్షల మొక్కల్లో ఒకటో రెండో మాత్రమే, పైగా అవి విత్తనం రాల్చలేక అక్కడితోనే ఆగిపోతాయి. ఎవరైనా ఆ కంకిని కోసి, దాని గింజను మళ్ళీ నాటితేనే దానికి భవిష్యత్తు.

అయితే రైతు కోస్తూ నాటుతూ పోతే ఇరవై ముప్పై ఏళ్ళలో పొలం మొత్తం గట్టి గోధుమ అయిపోవాలి కదా?

సరిగ్గా ఇదే లెక్క హిల్‌మన్, స్టువర్ట్ డేవిస్ కలిసి 1990లో వేశారు. అన్నీ కలిసొస్తే ఇరవై ముప్పై ఏళ్ళు, ఎక్కువలో ఎక్కువ రెండు వందల ఏళ్ళు చాలని వాళ్ళకు వచ్చింది. దీన్ని మనమూ ఒక సులభమైన ఉదాహరణగా వేసి చూడవచ్చు, ఎందుకంటే ఆలస్యానికి కారణం ఈ లెక్క లోపలే ఉంది.

పది లక్షల మొక్కల్లో ఒక్కటి గట్టి కీలుది అనుకుందాం. రైతు కంకులు బాగా పండే దాకా ఆగి కోశాడు, అప్పటికి మామూలు మొక్కల గింజ సగం నేలరాలింది. గట్టి మొక్క గింజ మాత్రం మొత్తం చేతికొచ్చింది. అంటే ఇంటికి చేరిన ధాన్యంలో గట్టి రకం వాటా రెట్టింపు. దాన్నే విత్తితే వచ్చే ఏడాది మళ్ళీ రెట్టింపు. రెట్టింపు మీద రెట్టింపుగా ఇరవై సార్లు పెరిగితే ఒకటి పది లక్షలు అవుతుంది. ఇరవై ఏళ్ళలో గట్టి రకం, మామూలు రకం సరిసమానం.

ఇప్పుడు రైతు స్థానంలో ఆలోచించండి. సగం పంట రాలిపోయేదాకా ఏ రైతు ఆగుతాడు? కంకి ఇంకా కొంచెం పచ్చిగా ఉండగానే కోస్తాడు, లేదంటే బుట్ట కింద పెట్టి కర్రతో కొట్టి రాలే గింజను పట్టుకుంటాడు. బుట్ట పద్ధతిలో లాభం తలకిందులవుతుంది, తేలిగ్గా రాలే గింజే బుట్టలో పడి మళ్ళీ విత్తనం అవుతుంది. పచ్చిగా కోస్తే రెండు రకాలకూ దాదాపు తేడా లేదు. మామూలు మొక్క నుంచి 95 పాళ్ళు, గట్టి మొక్క నుంచి 100 పాళ్ళు వచ్చాయనుకుందాం. ఏటా పెరిగేది ఐదు శాతం. చక్రవడ్డీ లెక్క తెలిసినవాళ్ళకు వడ్డీ రేటు తగ్గితే కాలం ఎంత సాగుతుందో తెలుసు. ఈ రేటుకు సరిసమానం కావడానికి సుమారు 280 ఏళ్ళు పడుతుంది. ఏటా ఒక్క శాతమే అయితే సుమారు 1,400 ఏళ్ళు.

ఇంకో అడ్డంకి ఉంది, దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు. పొలంలో రాలిన గింజ ఎక్కడికీ పోదు, వచ్చే ఏడాది అక్కడే మొలుస్తుంది. అదంతా రాలే రకమే. అదే పొలంలో మళ్ళీ విత్తితే, రైతు ఎంచిన విత్తనాన్ని నేల దాచిన విత్తనం పలచన చేసేస్తుంది. ఏటేటా కొత్త నేలకు మారితేనే ఆ బెడద తప్పుతుంది. అన్నిటికన్నా పెద్ద దెబ్బ కరువు ఏడాది. పంట పోయి, దాచుకున్న విత్తనం కూడా తినేయాల్సి వస్తే, మరుసటి ఏడాది విత్తనం కోసం మళ్ళీ కొండ మీది అడవి గోధుమ దగ్గరికే వెళ్ళాలి. వందేళ్ళుగా పోగుపడిన మార్పు ఆ ఒక్క ఏడాదిలో మొదటికొస్తుంది. అడవి గోధుమ చుట్టుపక్కల ఉన్నంతకాలం ఇది మళ్ళీ మళ్ళీ జరుగుతుంది.

వీటిలో ఏ ఒక్కటీ రైతు చేతగానితనం కాదు. పచ్చిగా కోయడం, అడవి గింజ తెచ్చుకోవడం, ఇవి ఆ కుటుంబం ఆ ఏడాది బతకడానికి సరైన నిర్ణయాలు. గట్టి కంకి గోధుమ కావాలని అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు, ఎందుకంటే అలాంటిది ఉంటుందని ఎవరికీ తెలియదు.

మరి నిజంగా ఎంతకాలం పట్టిందో ఎలా తెలిసింది?

కంకి తెగిన చోట మిగిలిన మచ్చను బట్టి. సహజంగా రాలిన గింజకు ఆ మచ్చ నున్నగా ఉంటుంది. కొట్టి విడదీసిన గింజకు చిరిగినట్టు గరుకుగా ఉంటుంది. మాడిన పొట్టులో కూడా సూక్ష్మదర్శిని కింద ఈ తేడా కనిపిస్తుంది. 2006లో కెన్ ఇచి తన్నో, జార్జ్ విల్‌కాక్స్ ఉత్తర సిరియా, దక్షిణ తుర్కియేలలోని వేర్వేరు కాలాల ఊళ్ళ నుంచి ఇలాంటి పొట్టును పోల్చి చూశారు. అన్నిటికన్నా పాత ఊళ్ళో గరుకు మచ్చలు లేవు. తరువాతి ఊళ్ళలో కొద్దిగా మొదలై, ఆ తరువాత మూడో వంతు, చివరి ఊళ్ళో సగానికి పైగా. సాగు ఆనవాళ్ళు మొదలైన నాటి నుంచి గట్టి గోధుమ పైచేయి అయ్యే దాకా రెండు మూడు వేల ఏళ్ళు గడిచాయి. పైన వేసిన లెక్కలో ఒక శాతం కన్నా తక్కువ రేటు అన్నమాట.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. అడవి కంకిలో కూడా అడుగున ఉండే ఒకటి రెండు గింజలు సరిగ్గా విడవవు, వాటికి గరుకు మచ్చే పడుతుంది. అడవి బార్లీలో ఇలాంటివి పది శాతం దాకా ఉంటాయి. అందుకే ఏదో ఊళ్ళో నాలుగు గరుకు గింజలు దొరికితే 'ఇదే తొలి వ్యవసాయం' అనడానికి లేదు, పదో వంతు దాటితేనే నమ్మాలి. పచ్చిగా కోసిన అడవి గింజలదీ ఇదే చిక్కు. పాత పుస్తకాల్లో తొలి వ్యవసాయపు తేదీలు ఒకదానికొకటి పొసగకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

పంటలు వచ్చాక వేట ఆగిపోయిందా?

లేదు, ఈ ప్రశ్నకు అబూ హురేరా ఇచ్చే జవాబే నాకు అన్నిటికన్నా ఇష్టం. రెండో ఊరివాళ్ళు మట్టి ఇటుకల ఇళ్ళు కట్టుకుని, గోధుమ, బార్లీ, మసూరపప్పు, శనగలు పండించారు. కానీ ఎముకల గుట్టలో గజెల్ వాటా ఇంకా ఎనభై శాతం దగ్గరే ఉంది. గొర్రె, మేక కొద్దిగా ఉన్నాయి, అంతే. పొలాల్లో పని చేసే వాళ్ళే వసంతం చివర గజెల్ మందల కోసం కాపు కాశారు. ఇలా వెయ్యేళ్ళకు అటూ ఇటూగా సాగింది. ఆ తరువాత చాలా వేగంగా తిరగబడింది, గజెల్ ఇరవై శాతానికి పడిపోయి గొర్రెలు, మేకలు పైకి వచ్చాయి. ఎముకలను చదివిన ఆంథనీ లెగ్, పీటర్ రౌలీ కాన్వీ చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. వలస దారిలో ఎక్కడో మందలను మితిమీరి చంపేశారు, ఏటా వచ్చే మాంసం రావడం మానేసింది. చేతిలో ఉన్న గొర్రెలే దిక్కయ్యాయి.

గొర్రెల పెంపకం ఇక్కడ పుట్టలేదు. మేకల మచ్చిక గురించి చాలా పాత సాక్ష్యం ఇరాన్ జాగ్రోస్ కొండల్లోని గంజ్ దారే నుంచి వస్తుంది, సుమారు 10,000 ఏళ్ళ కిందటిది. అక్కడి మేకల ఒడ్డూ పొడుగూ అడవి మేకలవే. కానీ పోతులను చిన్న వయసులోనే కోసి, ఆడవాటిని ముసలివయ్యే దాకా ఉంచుకున్నారు. వేటగాడు పెద్ద పోతును ఏరి చంపుతాడు, మందను కాచేవాడు ఆడదాన్ని ఏరి దాచుకుంటాడు. మేక శరీరం మారకముందే మనిషి లెక్క మారిందని ఈ ఎముకలు చెబుతాయి.

చూడండి, గోధుమ ఒకచోట, మేక ఇంకోచోట, పప్పులు మరోచోట. వీటన్నిటినీ కలిపి ఒక పూర్తి బతుకుతెరువుగా మలిచిన ఊరు మొదట్లో ఎక్కడా లేదు. ఇవి ఇచ్చిపుచ్చుకోవడాల మీద ఒకచోట చేరడానికే కొన్ని శతాబ్దాలు పట్టింది.

సాగు వల్ల జీవితం మెరుగుపడిందా?

మెరుగుపడిందని ఎముకలు చెప్పవు. అబూ హురేరా అస్థిపంజరాలను పరీక్షించిన థేయా మాల్సన్, ముఖ్యంగా ఆడవాళ్ళ కాలి బొటనవేళ్ళ కీళ్ళు అరిగి, మోకాళ్ళు, నడుము దెబ్బతిని ఉండటం గమనించింది. కారణం గింజ నూరడం. నేల మీద పెట్టిన బల్లపరుపు రాతి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కాలి వేళ్ళను వెనక్కి మడిచి, రెండు చేతులతో ఇంకో రాయిని ముందుకు తోసి వెనక్కి లాగాలి. ప్రతి రోజూ, గంటల తరబడి, చిన్నప్పటి నుంచి. రాతి నుంచి ఊడిన ఇసుక పిండిలో కలిసి పళ్ళు అరిగిపోయాయి, విరిగాయి. చరిత్రలో ఈ మార్పును రాజులు, నగరాల మొదటి మెట్టుగా చెబుతారు. ఆ మెట్టు ఎవరి మోకాళ్ళ మీద కట్టారో ఈ ఊళ్ళో స్పష్టంగా కనిపిస్తుంది, ఆ సంగతిని పక్కన పెట్టి తొలి వ్యవసాయం గురించి మాట్లాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

తిండిలో రకాలు తగ్గాయి. మనుషులూ పశువులూ ఒకేచోట గుంపుగా ఉండటంతో జబ్బులకు అదను దొరికింది.

అంత కష్టమైతే వెనక్కి ఎందుకు వెళ్ళలేదు?

పిల్లల వల్ల. తిరుగుతూ బతికే తల్లి ఒక బిడ్డ నడిచే దాకా ఇంకో బిడ్డను మోయలేదు, చాలాకాలం పాలిస్తుంది, కాన్పుల మధ్య మూడు నాలుగేళ్ళు గడుస్తాయి. ఒకచోట ఉండే తల్లికి ఆ ఇబ్బంది లేదు, పైగా గింజ జావ ఉంది కనుక బిడ్డకు త్వరగా పాలు మాన్పించగలదు. కాన్పుల మధ్య దూరం ఒక్క ఏడాది తగ్గినా కొన్ని తరాల్లో ఊరు రెట్టింపవుతుంది. అబూ హురేరా మొదటి ఊళ్ళో ఉన్నది వందల్లో, రెండో ఊరు పెద్దదైనప్పుడు వేలల్లో. అంతమందిని చుట్టుపక్కల అడవి గోధుమ, వలస మందలు పోషించలేవు. తిరిగి వెళ్ళడానికి దారి మూసుకుపోయిందని ఏ ఒక్క తరానికీ తెలిసి ఉండదు, ఎందుకంటే ప్రతి తరానికీ తలుపు కొంచెమే దగ్గరకు జరిగింది.

ఊళ్ళు మాత్రం పడిపోయేవి. సుమారు 8,000 ఏళ్ళ కిందట అబూ హురేరా ఖాళీ అయింది. కానీ అప్పటికి అక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు గొర్రెలనూ విత్తనాలనూ వెంట తీసుకుని ఇంకోచోట రైతులుగానే బతకగలిగే స్థితిలో ఉన్నారు.

పక్కనే ఉన్న వేటగాళ్ళు చూసి నేర్చుకోలేదా?

చూసి కూడా వద్దనుకున్నవాళ్ళున్నారు. మధ్య తుర్కియేలో కోన్యా మైదానంలో బోంజుక్లు అనే చిన్న ఊరివాళ్ళు 10,000 ఏళ్ళ కిందట కాస్త గోధుమ పండించారు, అది వాళ్ళ తిండిలో చిన్న భాగమే. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరంలో పినార్‌బాషివాళ్ళు అదే కాలంలో పంట ముట్టకుండా బాదం, పిస్తా ఏరుకుంటూ, వేటాడుతూ ఉన్నారు. రెండు ఊళ్ళ మధ్య రాకపోకలు ఉన్నాయి, కాబట్టి తెలియకపోవడం అనేది లేదు. చివరికి పినార్‌బాషి ఆగిపోయింది, బోంజుక్లు దారిలో అదే మైదానంలో చతల్‌హోయుక్ అనే పెద్ద ఊరు వెలిసింది. ఎంపిక తప్పా ఒప్పా అని అప్పట్లో ఎవరూ చెప్పలేరు. ఆ చెట్లూ ఆ జంతువులూ ఉన్న మైదానంలో పినార్‌బాషివాళ్ళది మంచి ఆలోచనే.

గోబెక్లి తెపే కట్టింది రైతులేనా?

కాదు. ఆగ్నేయ తుర్కియేలోని గోబెక్లి తెపేలో 11,000 ఏళ్ళకు పైబడిన పెద్ద రాతి స్తంభాల దగ్గర దొరికిన గింజలు, ఎముకలు అడవివే. అక్కడ నూరుడు రాళ్ళు మాత్రం వేల సంఖ్యలో దొరికాయి. అడవి గింజతోనే పెద్ద గుంపులకు తిండి పెట్టగలిగారు.

తెలుగు నేల మీద ఈ మార్పు ఎలా జరిగింది?

ఇక్కడి వరస వేరు, పశువులు ముందు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తర కర్ణాటకల్లో కనిపించే బూడిద దిబ్బలు సుమారు 5,000 ఏళ్ళ కిందట మొదలయ్యాయి. అవి పశువుల దొడ్లలో ఏళ్ళ తరబడి పోగైన పేడను మళ్ళీ మళ్ళీ తగలబెట్టగా మిగిలినవి. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్వినప్పుడు, బూడిద పొరల్లో దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు, ఆవుల గిట్టల అచ్చులు కనిపించాయి. అనంతపురం జిల్లా పాలవాయి దగ్గరా ఇలాంటి దిబ్బ ఉంది.

పంటలు కూడా పడమటి నుంచి వచ్చినవి కావు. తొలి గింజలు అండుకొర్రలు, ఇంకొక అడవి కొర్ర జాతి, ఉలవలు, పెసలు, అన్నీ ఈ ద్వీపకల్పపు మొక్కలే, వానాకాలపు పంటలే. గోధుమ, బార్లీ తరువాత వచ్చాయి, వాటికి చలికాలపు తడి కావాలి కనుక ఇక్కడ ప్రధానం కాలేకపోయాయి.

ఆలస్యం ఇక్కడా ఉంది, గుర్తు మాత్రం వేరు. ఉలవలో చూడాల్సింది తొక్క. అడవి ఉలవ తొక్క మందంగా ఉండి నీరు లోపలికి పోనివ్వదు, అందుకే ఆలస్యంగా మొలుస్తుంది. పొలం ఉలవకు తొక్క పలచన. దక్షిణాదిలో తవ్వకాల్లో దొరికిన పాత ఉలవలను శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలతో కోయకుండా కొలిస్తే, మందపు తొక్కలూ పలచని తొక్కలూ ఒకే కాలంలో కలిసి కనిపించాయి. పలచదనం పూర్తిగా స్థిరపడటానికి ఇక్కడా ఎన్నో వందల ఏళ్ళు పట్టింది, అన్నాళ్ళూ ఆ రైతులు పశువులను మేపుతూ, వేటాడుతూ, అడవి నుంచి ఏరుకుంటూనే ఉన్నారు.